ఎక్సెల్ పట్టిక ఒకే ఏ4 పేజీలో: కాలమ్ వెడల్పు, వరుస ఎత్తులపై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

కొన్నేళ్లుగా వస్తువుల జాబితాలు, పనుల పట్టికలు ఎక్సెల్‌లో తయారుచేసి కాగితంపై ముద్రించి ఇవ్వడం నా పనిలో భాగం. పట్టికను ఒకే పేజీలో ఇమిడ్చేందుకు ఎక్సెల్ ఇచ్చే సదుపాయాల్లో చాలామంది ముందుగా నొక్కేది Fit Sheet on One Page. నేను మాత్రం దాన్ని చిట్టచివరి సర్దుబాటుగానే వాడతాను. అసలు పని జరగవలసింది Page Layout వీక్షణలో, సెంటీమీటర్ల లెక్కతో అని ఇంతకాలం వాడాక గట్టిగా చెప్పగలను.

కారణం ఒక ఉదాహరణతో తేలికగా అర్థమవుతుంది. క్రమ సంఖ్య, వస్తువు, వివరణ, తేదీ, పరిమాణం, వ్యాఖ్య అనే ఆరు కాలమ్‌లు, శీర్షిక కాక 24 వరుసలు ఉన్న పట్టికను తీసుకుందాం. అక్షరాలు 11 పాయింట్లవి. కాలమ్ అంచుపై రెండుసార్లు నొక్కి వెడల్పును దానంతట అదే సరిపోయేలా చేస్తే, వివరణ కాలమ్ అందులోని అతి పొడవైన ఒక్క వాక్యం కోసం 17.5 సెంటీమీటర్ల దాకా సాగి, మొత్తం పట్టిక వెడల్పు 29 సెంటీమీటర్లు అవుతుంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున వదిలితే మిగిలేది 18. ఇప్పుడు ఒకే పేజీలో ఇమడ్చమంటే ఎక్సెల్ మొత్తాన్ని దాదాపు 62 శాతానికి కుదిస్తుంది, అంటే 11 పాయింట్ల అక్షరం 6.8 పాయింట్లకు దిగుతుంది. ఒక్క గడిలోని పొడవైన వాక్యం కోసం మిగతా గడులన్నీ చిన్నబోతాయి. పేజీ దిగువన సగానికి సగం ఖాళీగా ఉండి, పైన చదవడానికి వీల్లేనంత సన్నని అక్షరాలు కనిపిస్తే జరిగింది ఇదేనని గుర్తించవచ్చు.

అందుకే నేను కాగితం నుంచే మొదలుపెడతాను. ముందుగా కాగితం పరిమాణం, అంచులు ఖాయం చేసి, View లో Page Layout ఎంచుకుంటాను. మామూలు వీక్షణలో కాలమ్ వెడల్పును ఎక్సెల్ అక్షరాల్లో చెబుతుంది: 8.43 అంటే పుస్తకపు ప్రాథమిక ఫాంట్‌లో సుమారు అన్ని సున్నాలు పట్టే చోటు. ప్రాథమిక ఫాంట్ మారితే అదే అంకె మరో వెడల్పు అవుతుంది కాబట్టి, కాగితం మీద లెక్కకు అది పనికిరాదు. Page Layout వీక్షణలో మాత్రం Column Width పెట్టెలో అంగుళాలుగానీ సెంటీమీటర్లుగానీ నేరుగా ఇవ్వవచ్చు; ఏ కొలత కావాలో Options లోని Advanced విభాగంలో Ruler units దగ్గర మార్చుకోవాలి. ఈ ఒక్క సదుపాయం కోసమే నేను ఎక్సెల్‌కు మంచి మార్కులు వేస్తాను.

పై పట్టికకు 18 సెంటీమీటర్లను ఇలా పంచుతాను. క్రమ సంఖ్యకు 1.2, వస్తువుకు 3.5, వివరణకు 6.5, తేదీకి 2.3, పరిమాణానికి 1.5, వ్యాఖ్యకు 3. ఈ పంపకంలో తేదీని, అంకెలను ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే అవి రెండో పంక్తికి మడత పడవు. చోటు చాలకపోతే గడి నిండా #### కనిపిస్తుంది. తెరపై సరిగ్గా పట్టిన తేదీ కూడా ముద్రణలో అలా మారే అవకాశం ఉంది. తెరపై అక్షరాల కొలత, ప్రింటర్ కొలత పూర్తిగా ఒకటి కాకపోవడమే అందుకు కారణం. కనుక తేదీకి ఒక అంకె పట్టేంత చోటు అదనంగా వదలడం అవసరం. మిగిలినదంతా మాటలున్న కాలమ్‌లకు ఇచ్చి, వాటికి Wrap Text పెడతాను. పంక్తి ఫలానా చోటే విరగాలనుకుంటే Alt+Enter ఉంది గానీ, వెడల్పు తర్వాత మారిస్తే అలా పెట్టిన విరుపులు అడ్డదిడ్డంగా మిగిలిపోతాయి కాబట్టి దాన్ని శీర్షిక వరుసకే పరిమితం చేస్తాను.

ఇక వరుస ఎత్తు. నా దృష్టిలో అన్నిటికంటే శ్రద్ధ కోరేది ఇదే. వరుస ఎత్తును ఎవరైనా చేత్తో మార్చి ఉంటే, ఆ తర్వాత గడిలో ఎంత రాసినా అది దానంతట అది పెరగదు. Home లో Format కింద AutoFit Row Height నొక్కితేనే మళ్లీ లెక్కలోకి వస్తుంది. విలీనం చేసిన గడులకు ఈ ఆజ్ఞ పనిచేయదు, అందువల్ల మడత పడే వచనం ఉన్న చోట గడులను కలపకపోవడం మంచిది. తెలుగులో రాసేవారికి దీనితో మరో చిక్కు ఉంది. మన ఒత్తులు అక్షరం కిందికి దిగుతాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే 15 పాయింట్ల ఎత్తును తెలుగు వరుసకు బిగిస్తే ఒత్తు తెగి, ‘వస్తువు’ కాగితంపై ‘వసువు’గా చదవవలసి వస్తుంది. ఒంటి పంక్తి వరుసకు 20, రెండు పంక్తుల వరుసకు 36 పాయింట్లు నాకు నమ్మకంగా కుదిరిన కొలతలు. ఫాంటును బట్టి ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ కావచ్చు.

పేజీ పొడవును ఈ లెక్కతోనే ముందుగా సరిచూసుకోవచ్చు. పైనా కిందా రెండేసి సెంటీమీటర్లు వదిలితే 25.7 సెంటీమీటర్లు, అంటే సుమారు 728 పాయింట్లు మిగులుతాయి. మన 24 వరుసల్లో 14 ఒంటి పంక్తివి అయితే 280, పది రెండు పంక్తులవి అయితే 360, శీర్షికకు 40, మొత్తం 680. ఇంకా 48 పాయింట్ల వెసులుబాటు ఉంది కాబట్టి కుదింపు అవసరమే రాదు. రెండు పంక్తుల వరుసలు మరో నాలుగు పెరిగి, ఒంటి పంక్తివి అన్నే తగ్గితే మొత్తం 744 అవుతుంది. అప్పుడు ఎత్తులను నొక్కిపెట్టడం కంటే వ్యాఖ్య కాలమ్ నుంచి అర సెంటీమీటరు తీసి వివరణకు ఇస్తే, రెండో పంక్తిలో ఒకే మాట మిగిలిన వరుసలు ఒంటి పంక్తికి వస్తాయి. వ్యాఖ్యలు పొట్టిగా ఉన్నప్పుడే ఇది ఫలిస్తుందనుకోండి.

ముద్రణలో మడత ఒక్కోసారి తెరకంటే ఒక పంక్తి ఎక్కువ పడి, గడిలో చివరి పంక్తి మాయమవుతుంది. వాక్యం మధ్యలో ఆగిపోయినట్టు కనిపించే గడి దీనికి గుర్తు. దీనికి నేను ఎప్పుడూ వాడే ఉపాయం ఒకటుంది: వివరణ కాలమ్‌ను 6.5 బదులు 6.2కు కుదించి, అన్ని వరుసలకూ AutoFit Row Height ఇచ్చి, ఆ తర్వాత వెడల్పును తిరిగి 6.5 చేస్తాను. అంచున నిలిచిన వరుసలకు ఆ విధంగా ఒక పంక్తి చోటు అదనంగా దొరుకుతుంది. గడిలో మళ్లీ ఏదైనా దిద్దితే ఆ వరుస ఎత్తు కొత్తగా లెక్కకు వచ్చే వీలుంది కనుక, దీన్ని దిద్దుబాట్లన్నీ ముగిశాకే చేయాలి.

ఆ తర్వాత పట్టిక వరకే Print Area గా నిర్ణయించి, Ctrl+P నొక్కి చూస్తాను. ఇంకా ఒకటి రెండు వరుసలు రెండో పేజీలోకి జారితే మాత్రం Width, Height రెండిటికీ 1 page ఇస్తాను. కుదింపు 90 శాతం దగ్గర ఆగితే 11 పాయింట్ల అక్షరం దాదాపు 10 దగ్గర నిలుస్తుంది, చదవడానికి ఇబ్బంది ఉండదు. 80 శాతానికి దిగవలసి వస్తే కాగితాన్ని అడ్డంగా తిప్పి వెడల్పులను మళ్లీ పంచుతాను, లేదా శీర్షిక వరుసను రెండో పేజీలోనూ వచ్చేలా Print Titles లో పెట్టి రెండు పేజీలకు ఒప్పుకుంటాను.