విరేచనాల మాత్ర మెల్లగా మానే పద్ధతి: ఏడాది దాటాక నా మాట

ఈ పద్ధతి మొత్తంలో నాకు నచ్చింది ఒకే ఒక్కటి, పొద్దున తిన్నాక పది నిమిషాలు కూర్చోవడం. పీచు తినండి, నీళ్లు తాగండి, నడవండి లాంటివన్నీ మలబద్ధకానికి రోజూ రాత్రి బిసాకోడిల్ మాత్ర మింగే కాలంలో కూడా చేస్తూనే ఉన్నాను, వాటివల్ల ఒరిగిందేమీ లేదు. ఈ పది నిమిషాలు మాత్రం వేరే సంగతి.

కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది, అది అందరిలో ఉండేదే. నిద్ర లేచి మొదటిసారి తిన్నాక ఆ కదలిక బాగా గట్టిగా ఉంటుంది. ఏళ్ల తరబడి బిసాకోడిల్ మాత్ర వేసుకున్నవాళ్లకు ఇది తెలియకుండా పోతుంది, ఎందుకంటే మాత్ర తెచ్చే మోషన్ మెలిపెట్టే నొప్పితో తోసుకుంటూ వస్తుంది, వెంటనే పరిగెత్తాలి. అసలు పిలుపు అలా ఉండదు. కింది పొట్టలో కొంచెం బరువు, ఏదో నిండినట్టు, అంతే. ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే నాలుగైదు నిమిషాల్లో అది పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే తిన్న అరగంటలోపు వెళ్లి కూర్చోమన్నారు డాక్టర్: వెస్టర్న్ కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట, మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో, కాస్త ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించి, ముక్కకుండా. పది నిమిషాలు అయ్యాక వచ్చినా రాకపోయినా లేచిపోవాలి. మొదటి కొన్ని వారాలు ఊరికే కూర్చుని వచ్చేవాణ్ణి, ఇంట్లో వాళ్లు నవ్వేవారు కూడా. ఒకరోజు ఆ బరువు వచ్చింది, మాత్ర లేకుండా, నొప్పి లేకుండా. ఆ రోజంతా నా హుషారు చూసి ఆఫీసులో ఏమైందని అడిగారు, ఏం చెప్పను!

మాత్ర తగ్గించే లెక్క సులువే. బిసాకోడిల్‌కు పైన పూత ఉంటుంది, అది పేగులోకి వెళ్లాకే కరగాలి. కాబట్టి సగానికి విరగ్గొట్టకూడదు, పాలతోనో అసిడిటీ మందుతోనో కలిపి వేసుకోకూడదు. అందుకని మోతాదును ముక్కలు చేయకుండా రోజులు తగ్గించుకుంటూ వచ్చాం. రోజూ రెండు వేసుకునేవాణ్ణి, ముందు ఒక రాత్రి రెండు, మరుసటి రాత్రి ఒకటి, తర్వాత రోజూ ఒకటి, ఆ తర్వాత రోజు విడిచి రోజు, చివరికి వారానికి రెండు. ఒక్కో మెట్టు మీద రెండు మూడు వారాలు. దీని కింద ఆసరాగా పాలిథిలీన్ గ్లైకాల్ పొడి, రోజుకు 17 గ్రాములు గ్లాసు నీళ్లలో. ఈ పొడి పేగును తరమదు, మలంలో నీరు నిలిపి మెత్తగా ఉంచుతుంది.

ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే చాలా టెన్షన్ తప్పేది. మాత్ర పెద్దపేగును బాగా ఖాళీ చేస్తుంది. అది మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, ఆ రోజుల్లో మోషన్ రాదు, రావడానికి లోపల ఏమీ లేదు కదా. మనమేమో దాన్ని మలబద్ధకం అనుకుని మళ్లీ మాత్ర మింగుతాం. ఏళ్లు గడిచిపోయేది ఈ చక్రంలోనే. "పేగు చచ్చుబడిపోయింది" అని భయపెట్టేవాళ్ల మాట నమ్మక్కర్లేదు, మామూలు మోతాదులో ఈ మాత్రలు పేగు నరాలను పాడుచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. మూడో రోజు కూడా రాకపోతే రాత్రి మాత్రకు బదులు పొద్దున తిన్నాక మలద్వారంలో గ్లిజరిన్ సపోజిటరీ పెట్టుకోమన్నారు. అది చివరి భాగంలోనే పనిచేస్తుంది, అరగంటలోపే తేలిపోతుంది, పైనున్నదంతా ఊడ్చేయదు.

ఇక దెబ్బ తిన్న సంగతి. రోజు విడిచి రోజు మెట్టు మీద ఉండగా ఈ మెట్లన్నీ రాసి నాకిచ్చిన కాగితంలో ఉన్నట్టే ఇసబ్గోలు మొదలైంది. వారం తిరక్కుండా కడుపు ఉబ్బిపోయింది, పొద్దున కూర్చుంటే గ్యాస్ తప్ప ఏమీ లేదు. సపోజిటరీ పెట్టుకుంటే అదే బయటికొచ్చింది. తర్వాత ఉన్నట్టుండి నీళ్లలా కారడం మొదలైంది, కొంచెం కొంచెంగా, తెలియకుండానే, బట్టలకు మరక చూసేదాకా తెలిసేది కాదు. ఆ కాగితంలో "విరేచనాలైతే పొడి తగ్గించాలి" అని స్పష్టంగా రాసి ఉంది, తగ్గించాను. ఇంకా ఎక్కువైంది. డాక్టర్ గ్లవ్ వేసుకుని వేలితో చూస్తే మలద్వారం పైనే గట్టి ఉండ అడ్డంగా కూర్చుని ఉంది. పైనున్న పల్చటిది దాని పక్కల నుంచి జారుతోంది, అంతే. అవి విరేచనాలు కావు, మలబద్ధకమే అలా వేషం మార్చుకుంది. గుర్తుపట్టే ఆనవాళ్లు అప్పటికే ఉన్నాయి: అంతకుముందు చాలా రోజులు సరిగ్గా మోషన్ లేదు, కారేది కొంచెమే, కారాక కూడా కింద బరువు తగ్గలేదు. ఆ కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు, నా కోపమంతా దాని మీదే. ఎనీమా ఇచ్చి, పొడి తగ్గించడం కాదు పెంచి, కొన్ని రోజుల్లో మొత్తం క్లియర్ చేశారు. ఇసబ్గోలు ఆపేసి ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాం. పీచు చెడ్డదని కాదు, ముందున్నది కదలకుండా వెనక నుంచి బరువు పెంచితే ఏమవుతుందో నాకు అదే అయింది.

పైన పది నిమిషాల గురించి అంత పొగిడాను కదా, అక్కడ ఒక చిన్న సవరణ. ఈ గొడవ తర్వాత పరీక్ష చేశారు, మలద్వారం లోపల పెట్టి నీళ్లు నింపిన చిన్న బెలూన్‌ను బయటికి పంపమంటారు. నేను పంపలేకపోయాను. తోసేటప్పుడు వదులవ్వాల్సిన కండరాన్ని నేను బిగిస్తున్నానట. దానికి బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది, స్క్రీన్ మీద మన కండరం బిగుసుకోవడం, వదులవడం గీతల్లో కనిపిస్తుంది, అది చూస్తూ నేర్చుకుంటాం. నోరు తెరిచి ఊపిరి వదులుతూ పొట్టను ముందుకు ఉబ్బించి తోయడం అక్కడే వచ్చింది. ఉదయం కూర్చోవడం రోజూ ఫలితం ఇవ్వడం మొదలైంది ఆ తర్వాతే. అంతకుముందు వచ్చేది, కానీ అప్పుడప్పుడు. కాబట్టి పీట, భంగిమ, టైము అన్నీ సరిగ్గా పాటించినా రానివాళ్లు ఆ పరీక్ష గురించి అడగండి, ఎన్ని నెలలు కూర్చున్నా ఆ ముడి దానంతట అది విడిపోదు.

ఇప్పుడు బిసాకోడిల్ లేదు. పొడి పూర్తిగా మానలేదు, సగం మోతాదులో నడుస్తోంది, రోజు తప్పి రోజు మోషన్ అవుతుంది, వారానికి మూడుసార్లు అయినా మామూలే అంటారు కాబట్టి నాకు చింత లేదు. ప్రయాణాల్లో మాత్రం పొద్దుటి టైము చెడిపోయి రెండు రోజులు వెనకబడతాను.

మీకు ఇలాగే కుదురుతుందా అంటే చెప్పలేను. నాకు థైరాయిడ్ లేదు, ఐరన్ మాత్రలు గానీ మార్ఫిన్ జాతి నొప్పి మందులు గానీ వాడను, పొద్దున తీరిక దొరికే ఉద్యోగం. వీటిలో ఏది మారినా లెక్క మారుతుంది. బరువు తగ్గడానికని గుప్పెడు మాత్రలు మింగేవాళ్లు ఇది సొంతంగా చేయొద్దు, పొటాషియం పడిపోయి ఉండొచ్చు, ఒక్కసారిగా ఆపితే ఒంట్లో నీరు చేరి కాళ్లు వాస్తాయి, అది చూసి బరువు పెరిగామని భయపడి మళ్లీ మొదలుపెడతారు. రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, వాంతులతో కడుపు బిగిసినా మెట్ల లెక్క పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోండి.