"14 భాషల్లో మీ పేరు క్లీన్" అని రిపోర్ట్ ఇచ్చేవాళ్ళతో జాగ్రత్త

మీ బ్రాండ్ పేరుకి వేరే భాషల్లో చెడ్డ అర్థం ఉందేమో రెండు రోజుల్లో చూసి చెబుతామని మెయిల్స్ మీద మెయిల్స్ పెడుతుంటారు చూడండి, వాళ్ళే. పేరు చెప్పను, కొత్త ప్రోడక్ట్ పనిలో ఉన్నవాళ్ళకి ఎలాగూ అర్థమైపోతుంది. డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి.

మాది సబ్బుల వ్యాపారం. పూల వాసనలు కాబట్టి పేరు Pula అనుకున్నాం. నాలుగే అక్షరాలు, ఎవరి నోరైనా తిరుగుతుంది. సరుకు యూరప్‌కి కూడా పంపాలి, అందుకే చెక్ చేయమని వీళ్ళకి ఇచ్చాం. రిపోర్ట్ చూడ్డానికి ముచ్చటగా ఉంది. బోట్స్వానా కరెన్సీ పేరు పులా, అక్కడి సెట్స్వానా భాషలో వర్షం అని అర్థం, శుభసూచకం అన్నారు. క్రొయేషియాలో ఆ పేరుతో ఊరుంది, ఇబ్బంది లేదన్నారు. ఇక రొమేనియన్ దగ్గర "ప్రతికూల అర్థం కనబడలేదు" అని రాసి పక్కన ఆకుపచ్చ టిక్కు. నేను వర్షం దగ్గరే ఆగిపోయాను. మీటింగ్‌లో అందరికీ చదివి వినిపించాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రేపర్లు, కార్టన్లు ప్రింటయ్యాక రొమేనియా డిస్ట్రిబ్యూటర్‌తో వీడియో కాల్. సబ్బు తీసి కెమెరా ముందు పెట్టాను. ఆవిడ ఒక్క క్షణం చూసి మైక్ మ్యూట్ చేసేసింది. మాట వినబడడం లేదు గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఇది నిజంగానే ప్రింట్ చేసేశారా?" అంది. వాళ్ళ భాషలో అది మగవాళ్ళ అంగానికి పచ్చి బూతు, గోడల మీద రాసే రకం. మా రేపర్ మీద సరిగ్గా ఆ పేరు కిందే "రోజంతా సున్నితమైన స్పర్శ" అని ఉంది. ఇంక నేనేం చెప్పను.

వెంటనే వీళ్ళకి ఫోన్ చేశాను. సారీ చెబుతారనుకున్నాను. ఆ అబ్బాయి చాలా ప్రశాంతంగా, "మేడమ్, మేము డిక్షనరీలో చూశాం, ఆ పదం లేదు" అన్నాడు. నిజమే, లేదు! ఎందుకంటే డిక్షనరీలో ఉండే రూపం pulă, చివర ă మీద చిన్న గుర్తుతో. రొమేనియన్‌లో అలాంటి చాలా స్త్రీలింగ పదాలకి, ఇంగ్లీషులో ముందు "ద" పెట్టినట్టు, చివరి ă ని a చేస్తారు. ఇల్లు casă అయితే, ఆ ఇల్లు casa. అంటే మేము బూతు పెట్టుకోవడమే కాదు, వాక్యంలో వాడడానికి సిద్ధంగా ఉన్న రూపంలో పెట్టుకున్నాం. ఇదంతా నాకు డిస్ట్రిబ్యూటర్ చెప్పింది, డబ్బు తీసుకున్నవాళ్ళు కాదు. రొమేనియన్ వచ్చిన మనిషికి ఎవరికైనా చూపించారా అని అడిగితే, "స్లాంగ్ చెక్ వేరే ప్యాకేజీ మేడమ్, మీరు బేసిక్ తీసుకున్నారు" అన్నాడు. బూతు ఉందో లేదో చూడమని ఇస్తే బూతులు మాత్రం ఎక్స్‌ట్రా అట! ఒళ్ళు మండిపోయింది.

తప్పు నాదీ ఉంది. రిపోర్ట్ మళ్ళీ తీసి చూస్తే, పద్నాలుగింటిలో పన్నెండు భాషలకి అదే వాక్యం, కామాతో సహా. నిజంగా ఆ భాష మాట్లాడేవాళ్ళని అడిగితే ఒకరు ఫలానా పదంలా వినబడుతోందంటారు, ఇంకొకరు పిల్లల మాటలా ఉందంటారు, ఏదో ఒకటి తేడాగా వస్తుంది కదా. చూసినవాళ్ళది ఏ దేశమో, పేరు వాళ్ళకి వినిపించారో, ఊరికే చూపించారో ఒక్క ముక్క లేదు. ట్రేడ్‌మార్క్ వెతికించాం కదా అని ఇంకో ధీమా. ఆ వెతుకులాట అలాంటి పేరు ఇంకొకరికి ఉందా అనే చూస్తుంది, అర్థం జోలికి పోదు. పైగా పేరు ఒక్క సభ్యదేశంలో అసభ్యమైనా చాలు, యూరోపియన్ యూనియన్ మొత్తానికీ ట్రేడ్‌మార్క్ నిరాకరించవచ్చట. ఇప్పుడు తెలిసింది.

పేరు చెక్ చేయించేవాళ్ళు ఇంత మాత్రం చేయండి. సరుకు అమ్మే ప్రతి దేశంలోనూ, ఇప్పుడు అక్కడే ఉంటున్న ఇద్దరు ముగ్గురికి పేరు రాసి చూపించి పైకి చదవమనండి, మొదట ఏం గుర్తొచ్చిందో అడగండి. ఒకే భాష కదా అని వదిలేయొద్దు. concha అంటే స్పెయిన్‌లో గవ్వ, అర్జెంటీనాలో బూతు. ఇదంతా ప్రింటింగ్‌కి ముందే.

కొత్త పేర్లు మూడు అనుకుని మొన్న ఆ డిస్ట్రిబ్యూటర్‌కి వినిపించాను. రెండోదానికి మళ్ళీ మ్యూట్ చేసింది. ఈసారి దగ్గొచ్చిందట.