సారాంశానికి సారాంశమా, అసలు మినిట్స్ నుంచా?

చిత్తూరు తోతాపురి మామిడి రైతు సంఘం సమావేశాల మినిట్స్‌ను వారం వారం కుదించాలనుకోండి. రెండు దారులున్నాయి.

మొదటిది, పోయిన వారం సారాంశాన్నే మళ్లీ కుదించడం. పని తేలికే. కానీ ‘ఫ్యాక్టరీ ఒప్పుకుంటే, టోకెన్ ఉన్నవాళ్లకు 15 రోజుల్లో చెల్లింపు’ అన్న తీర్మానంలో ముందు ‘ఒప్పుకుంటే’ రాలిపోతుంది, తర్వాత టోకెన్ షరతు. మూడోసారికి ‘రైతులందరికీ 15 రోజుల్లో డబ్బు’ అవుతుంది. ‘అందరికీ’ అని సమావేశంలో ఎవరూ అనలేదు! రాసేవాళ్ల ముందు అసలు కాగితం లేదు, వాక్యమేమో నున్నగా ఉంది, ఇక అనుమానం ఎలా వస్తుంది?

రెండోది, ప్రతిసారీ అసలు మినిట్స్ నుంచే రాయడం. ఆలస్యమే, అయినా నా ఓటు దీనికే. మినిట్స్ మరీ పెరిగిపోతే సమావేశానికొక సారాంశం రాసి కింద చేర్చుకుంటూ పోవాలి, పాతవి తిరగరాయకూడదు. అంకెలు, షరతులున్న తీర్మానాలను తేదీతో సహా ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి. తేదీ ఉంటే ఎవరైనా అసలు పేజీ తీసి సరిచూసుకోవచ్చు.