25 వాట్స్ ఫోన్‌కి 25 వాట్స్ చార్జరే చాలు: రెండేళ్లు దాటాక నా మాట

శాంసంగ్ గెలాక్సీ ఎం14 5జీ బాక్సులో చార్జర్ రాదు. ఫోన్, కేబుల్, సిమ్ ట్రే తీసే పిన్ను ఉంటాయి. 2023లో ఈ ఫోన్ కొన్నప్పుడు చార్జర్ విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. "45 వాట్స్‌ది తీసుకోండి సార్, తొందరగా ఎక్కుతుంది" అన్నాడు షాపులో కుర్రాడు. దాని ధర 25 వాట్స్ దానికి దాదాపు రెట్టింపు. నేను శాంసంగ్‌దే 25 వాట్స్ అడాప్టర్ తీసుకున్నాను. అప్పటి నుంచి రోజూ వాడుతున్నది అదే. ఇప్పుడు మళ్లీ కొనాల్సి వచ్చినా అదే కొంటాను.

కారణం చాలా సులువు. ఈ ఫోన్ గరిష్ఠంగా తీసుకునేది 25 వాట్స్. ఎంత కరెంటు కావాలో నిర్ణయించేది ఫోనే, చార్జర్ కాదు. టైప్ సీ కేబుల్ గుచ్చగానే తను ఏయే వోల్టేజీలు, ఎంత కరెంటు ఇవ్వగలదో చార్జర్ చెబుతుంది. వాటిలో తనకు పనికొచ్చేది ఫోన్ ఎంచుకుంటుంది. 45 వాట్స్ చార్జర్ పెట్టినా ఫోన్ తన 25 దగ్గరే ఆగిపోతుంది. దానివల్ల ఫోన్‌కి నష్టమేమీ లేదు, బ్యాటరీ పాడవుతుందన్న భయం అక్కర్లేదు. పైన పెట్టిన డబ్బుకి ఫలితం ఉండదు, అంతే.

ఇది నేను పోల్చి చూసుకున్నాను. మా ఆఫీసులో ఒకాయన దగ్గర పెద్ద గెలాక్సీ ఫోన్, దానికి 45 వాట్స్ చార్జర్ ఉన్నాయి. బ్యాటరీ పది శాతానికి దిగినప్పుడు ఒకరోజు నా చార్జర్, ఇంకోరోజు ఆయనది పెట్టాను. రెండుసార్లూ లాక్ స్క్రీన్ మీద వచ్చింది `Super fast charging` అనే. అరగంటకి రెండిట్లోనూ సగం దగ్గరికి వచ్చింది. ఆయన ఫోన్‌కి అదే చార్జర్ పెడితే `Super fast charging 2.0` అని వస్తుంది. నా ఫోన్‌లో ఆ మాట ఎప్పుడూ రాదు, ఎందుకంటే దానికి ఆ సామర్థ్యమే లేదు.

వాట్స్ సంఖ్య ఒక్కటే చూసి కొంటే మాత్రం సరిపోదు. చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా బావగారి ల్యాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్స్ టైప్ సీ చార్జర్ ఇంట్లోనే ఉంది. అది నా ఫోన్‌కి పెడితే ఉత్త `Fast charging` అని మాత్రమే వస్తుంది. అంటే సుమారు 15 వాట్స్. 65 వాట్స్ చార్జర్ నా 25 వాట్స్ దానికంటే నిదానంగా ఎక్కిస్తోంది! శాంసంగ్ ఫోన్ పూర్తి 25 వాట్స్ తీసుకోవాలంటే చార్జర్‌లో పీపీఎస్ అనే సౌకర్యం ఉండాలి. అది ఉంటే ఫోన్ అడిగినట్టల్లా చార్జర్ వోల్టేజీని కొద్దికొద్దిగా మారుస్తూ పోతుంది. లేకపోతే 5, 9 లాంటి స్థిరమైన వోల్టేజీలే దొరుకుతాయి, అప్పుడు ఫోన్ 9 వోల్టుల దగ్గర తక్కువ కరెంటుతో సరిపెట్టుకుంటుంది. ఆ ల్యాప్‌టాప్ చార్జర్‌లో పీపీఎస్ లేదు. ఐఫోన్ల కోసం అమ్మే 20 వాట్స్ చార్జర్లలోనూ కొన్నిట్లో ఉండదు.

అందుకే కొనేముందు అడాప్టర్ వెనకున్న చిన్న అక్షరాలు చదవాలి. నా దాని మీద అవుట్‌పుట్ దగ్గర 9 వోల్టులు, 2.77 ఆంప్స్ అని ఉంది. రెండూ గుణిస్తే 24.93, అదే మన 25 వాట్స్. దాని కిందే పీపీఎస్ అని, 3.3 నుంచి 11 వోల్టుల వరకు 2.25 ఆంప్స్ అని ఉంది. ఈ రెండు వరుసలూ ఉంటే వేరే మంచి కంపెనీ చార్జరైనా ఈ ఫోన్‌కి సరిపోతుంది. రోడ్డు పక్కన బండి మీద డబ్బాపై 65 వాట్స్ అని పెద్దగా రాసి అమ్మేవి కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని తిప్పి చూస్తే అవుట్‌పుట్ 5 వోల్టులు, 3 ఆంప్స్ అని మాత్రమే ఉంది. గుణిస్తే పదిహేనే. పైన ఏం రాసినా లెక్క లేబుల్ మీదే తేలుతుంది. అక్కడే బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయా అని కూడా చూడండి. మన దేశంలో మొబైల్ అడాప్టర్లకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అది ఏ తయారీదారుదో చూపిస్తుంది.

ఇక రోజువారీ వాడకం. ఇది 6000 ఎంఏహెచ్ బ్యాటరీ, చిన్నదేం కాదు. దాదాపు ఖాళీ అయ్యాక పెడితే నిండడానికి గంటన్నర దాటుతుంది, రెండు గంటలు పట్టదు. మొదటి అరగంటలో వేగంగా ఎక్కుతుంది, ఎనభై శాతం దాటాక బాగా నెమ్మదిస్తుంది. ఇది చార్జర్ లోపం కాదు. నిండే కొద్దీ బ్యాటరీ కరెంటు తగ్గించుకుంటుంది, 25 వాట్స్ అన్నది మొదటి భాగంలో మాత్రమే అందే వేగం. పొద్దున స్నానం, టిఫిన్ అయ్యేలోపు ఆఫీసుకి సరిపడా ఎక్కుతుంది, నాకు కావలసింది అదే. వీడియో చూస్తూనో, హాట్‌స్పాట్ ఆన్ చేసి ఉంచో చార్జింగ్ పెడితే మాత్రం ఫోన్ వేడెక్కి వేగం పడిపోతుంది. మే నెలలో మా విజయవాడ ఎండలకి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ రోజుల్లో కవర్ తీసి ఫ్యాన్ కింద పెడతాను.

ఈ మధ్య ఒక ఇబ్బంది వచ్చింది. `Super fast charging` బదులు ఒక్కోసారి ఉత్త `Charging` అని రావడం మొదలైంది. ముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగంలో `Super fast charging` స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూశాను, ఆన్‌లోనే ఉంది. కేబుల్ మార్చగానే సరైపోయింది. పాత కేబుల్ మెడ దగ్గర నలిగి లోపల తీగ తెగినట్టుంది. కొత్తది మామూలు 3 ఆంప్స్ సీ టు సీ కేబులే కొన్నాను. 25 వాట్స్‌కి 2.77 ఆంప్సే కదా, అది చాలు. 5 ఆంప్స్ కేబుల్ కోసం ఎక్కువ పెట్టాల్సిన పని ఈ ఫోన్‌కి లేదు. ఇన్నాళ్లలో అడాప్టర్‌కి ఏమీ కాలేదు. చార్జింగ్ మొదట్లో గోరువెచ్చగా అవుతుంది, చెయ్యి పెట్టలేనంత వేడి ఎప్పుడూ రాలేదు.

అదే చార్జర్‌తో ట్యాబ్‌నో ల్యాప్‌టాప్‌నో కూడా చార్జ్ చేసుకోవాలనుకునేవాళ్లు పీపీఎస్ ఉన్న పెద్ద చార్జర్ తీసుకోవడం సబబే. వచ్చే ఏడాది పెద్ద ఫోన్‌కి మారడం ఖాయమైనా అంతే. రియల్‌మీ, ఒప్పో, వన్‌ప్లస్ ఫోన్లున్నవాళ్లు మాత్రం నా లెక్కని అలాగే తీసుకోకండి. వాటిలో చాలావాటికి సూపర్‌వూక్ అనే సొంత చార్జింగ్ పద్ధతి ఉంటుంది. సూపర్‌వూక్ ఫోన్లు పూర్తి వేగం అందుకోవాలంటే సూపర్‌వూక్ చార్జరే కావాలి, బయటి 65 వాట్స్ దానితో చాలావాటికి అందులో కొంత భాగమే అందుతుంది. ఏ ఫోనైనా ముందు దాని స్పెసిఫికేషన్లలో గరిష్ఠ వాట్స్ ఎంతో, అది ఏ పద్ధతిలో తీసుకుంటుందో చూసి, అప్పుడు చార్జర్ లేబుల్ చదవండి. నాకు మిగిలిన డబ్బుతో ఒక మంచి టెంపర్డ్ గ్లాసు, కవరు వచ్చాయి.