కొక్కెం మీదే 925: మా పాప పట్టీలు ఏడాదిన్నర వాడాక

ఈ పట్టీల మీద నా కోపమంతా ఒక్క ముద్ర గురించే. మెరుపు బాగుంది, చప్పుడు బాగుంది, మా అత్తగారికి మువ్వల వరస ఎంతో నచ్చింది. పాప మొదటి పుట్టినరోజుకి విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్నాం. కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ "తీసుకోండి, 925 ముద్ర ఉంది, స్టెర్లింగ్ వెండి" అని నేనే చెప్పాను. ఆ మాటలో సగం ఇప్పటికీ నిజమే. ముద్ర ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం పాప నోట్లో ఏదో చప్పరిస్తోందని మా అత్తగారు బుగ్గలో వేలు పెట్టి చూస్తే మువ్వ బయటికొచ్చింది. బఠాణీ గింజంత. చుట్టూ వెతికితే ఇంకోటి మంచం కింద దొరికింది. మువ్వని గొలుసుకి పట్టి ఉంచే సన్న రింగుకి అసలు టంకమే పెట్టలేదు, రెండు కొసలూ దగ్గరికి నొక్కి వదిలేశారంతే. పాకే పిల్లలు కాళ్లు రోజంతా గచ్చుకి రాస్తూనే ఉంటారు, ఆ రింగు కొంచెం కొంచెంగా విచ్చుకుంది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఒక పరీక్ష ఉంటుంది. ఇంచుమించు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. ఈ మువ్వలు అందులో పది పడతాయి. బొమ్మ కొనేటప్పుడు ఇవన్నీ చూస్తాం, పట్టీ కొనేటప్పుడు ఎవరం చూడం.

అతికిద్దామని మా వీధి చివర వెండి పని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు అయస్కాంతం పెట్టారు. గొలుసు అంటుకోలేదు, మువ్వ అంటుకుంది. లోపల చప్పుడు కోసం వేసిన రవ్వలు ఇనుపవి, అప్పటికే తుప్పు పట్టాయి. వెండి అయస్కాంతానికి అంటదు. కానీ రాగీ ఇత్తడీ కూడా అంటవు కదా, అందుకని గొలుసు అంటుకోలేదని అది మంచి వెండి అయిపోదు. ముద్ర ఉందిగా అన్నాను. "ముద్దర కొక్కేనికి ఉందమ్మా, గొలుసుకి ఏటుంది?" అన్నారు.

మాట సూటిగా తగిలింది. అప్పుడే తీసి చూశాను. 925 అని ఉన్నది రెండు కొక్కేల మీదే. గొలుసులో ఎక్కడా ఏ గుర్తూ లేదు. కొక్కేలు విడిగా తయారై, ముద్రతోనే వస్తాయట. ఏ గొలుసుకైనా తగిలించుకోవచ్చు.

టంచ్, అంటే వెండి శాతం, చూసే మిషన్ ఉన్న చోటికి పంపుతూ ఆయన ఒక జాగ్రత్త చెప్పారు: పైన గీకించి చూపించమ్మా అని. దాని కారణం అక్కడ అర్థమైంది. ఆ మిషన్ ఎక్స్-కిరణాలతో లోహం పైపొరనే చదువుతుంది. పట్టీలని చివర్లో ఆసిడ్‌లో తెల్లబరుస్తారు, దాంతో పైన ఉన్న రాగి పోయి వెండి పొర మిగులుతుంది. పైన మెరుగు పూత కూడా ఉంటే ఇంకా మేలుగా కనిపిస్తుంది. గీకకముందు గొలుసు 84 శాతం చూపించింది. గీకాక 67. మువ్వలు 61. కొక్కెం మాత్రం 92 దాటి నిలబడింది.

925 అంటే వెయ్యి భాగాల్లో 925 వెండి, మిగతా 75 మామూలుగా రాగి. మేలిమి వెండి మరీ మెత్తన కాబట్టి ఆ రాగి కావాలి. జత మొత్తం 40 గ్రాములు. ముద్ర నిజమైతే అందులో 37 గ్రాముల వెండి ఉండాలి. మాకు కొక్కేలు 2 గ్రాములు, గొలుసులు 28, మువ్వలు 10. విడివిడిగా లెక్కేస్తే 27 గ్రాములు కూడా రాలేదు, అదీ ఇనుప రవ్వల బరువు తీసేయకుండా. బిల్లు తీసి చూస్తే "వెండి పట్టీలు" అని, బరువు, మజూరీ ఉన్నాయి. ఎంత శాతమో రాయలేదు కాబట్టి షాపువాళ్లు "పట్టీల టంచ్ అంతే ఉంటుందమ్మా" అని చేతులు దులుపుకున్నారు. పట్టీల పనిలో తక్కువ టంచ్ కొత్తేం కాదు, అతుకులు ఎక్కువ, టంకం కరగడానికి రాగి, జింకు కలపాలి. తక్కువకి అమ్మితే నాకు గొడవే లేదు. 925 రేటు తీసుకున్నారు.

తక్కువ టంచ్ అంటే విషమని కాదు. రాగి ఎక్కువైతే చర్మం మీద పచ్చటి చార వస్తుంది, కడిగితే పోతుంది. నాకు టెన్షన్ పెట్టింది మిషన్ తెర మీద కనిపించిన నికెల్. వేసవిలో పాప చీలమండ చుట్టూ ఎర్రగా దద్దురు వచ్చేది, చెమటకి అనుకునేవాళ్లం. పట్టీలు తీసేస్తే తగ్గింది. చర్మం డాక్టరు గారు నికెల్ అయి ఉండొచ్చన్నారు. నల్లబడటాన్ని మాత్రం తప్పు పట్టకండి, గాలిలోని గంధకానికి మంచి వెండి కూడా నల్లబడుతుంది.

ఇప్పుడు వాడుతున్నది మువ్వల్లేని సన్న గొలుసు, హాల్‌మార్క్‌తో. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్, వచ్చింది. బీఐఎస్ త్రికోణం గుర్తు, SILVER అనే మాట, 925, ఆరు అక్షరాల కోడ్ ఉంటాయి. వెండికి ఇది తప్పనిసరి కాదు, అందుకే అడిగితేనే చూపిస్తారు. షాపులోనే BIS Care యాప్ తెరిచి Verify HUID లో కోడ్ కొట్టాను. వస్తువు రకం, శాతం, పరీక్షించిన కేంద్రం వచ్చాయి. వస్తువు దగ్గర పట్టీ అని కాకుండా ఉంగరమని వస్తే అక్కడే ఆగిపోవాలి. బిల్లులో 925 అని రాయించుకున్నాను, రాయడానికి కాస్త నసిగారు.

దీని మీద కూడా ఫిర్యాదులున్నాయి. కొక్కెం మర తిప్పే రకం కదా, నెలకోసారి వదులవుతోంది, ఆదివారం స్నానం ముందు బిగిస్తున్నాను. కొసలో లింకులు కాస్త సాగాయి. చప్పుడు లేదని మా అత్తగారు ఇప్పటికీ మూతి ముడుస్తారు. చీలమండకీ గొలుసుకీ మధ్య నా చిటికెన వేలు పట్టేంత ఖాళీ చూసుకుంటున్నాను. పిల్ల ఎదుగుతోంది, కొన్నప్పటి ఖాళీ ఇప్పుడు లేదు, వచ్చే సిరిమాను పండగ లోపు మార్చాలి.

మా పాపకి నోట్లో పెట్టుకునే అలవాటు తగ్గింది, రాత్రి తీసి పెట్టే ఓపిక నాకుంది, కాబట్టి మాకు ఈ గొలుసు సరిపోయింది. పాకే పిల్ల ఉండి, ఉదయం నుంచి వేరేవాళ్ల దగ్గర వదిలి వెళ్లేవాళ్లయితే నేను ఇదీ చెప్పను. లింకుల్లేని, కొసలు గుండ్రంగా నున్నగా ఉన్న హాల్‌మార్క్ కడియాలు తీసుకోమంటాను. పాత జత మాత్రం ఇంకా మా బీరువాలోనే ఉంది. 67 టంచ్‌కి మార్పిడి ఇస్తామన్నారు, ఇచ్చేద్దామంటే మువ్వల కోసం మా అత్తగారు ఒప్పుకోవడం లేదు.