ఎర్ర పెన్ను కింద పెన్సిల్ గీత: రెండేళ్లు జింప్ వాడాక

జింప్ అనే ఫోటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌లో లేయర్లు, బ్రష్‌లు ఏవేవో ఉంటాయి, వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రెండేళ్లుగా వాడుతున్నది అందులో ఒక్క మెనూనే, Colors > Components > Extract Component. అది తెరిచి RGB Red ఎంచుకుంటాను, ఫోటోలోని ఎరుపు వెలుతురు పాలు, అంటే ఎరుపు చానెల్, ఒక్కటే నలుపు-తెలుపు బొమ్మగా వస్తుంది, అంతే. హన్మకొండలో ఇంట్లోనే ట్యూషన్ చెప్తాను, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు. బళ్లో దిద్ది ఇచ్చిన వర్క్‌షీట్లను వాళ్ల అమ్మలు ఫోటో తీసి పంపిస్తారు.

గొడవంతా ఆ దిద్దడంతోనే. టీచర్ తప్పు అంకె పక్కన రాయదు, దాని మీదే రాస్తుంది. పిల్ల ఏం రాసిందో తెలియకపోతే ఎక్కడ తప్పిందో నాకెలా తెలుస్తుంది? మొదట్లో ఫోన్‌లో ఒక స్కానర్ యాప్ వాడేవాణ్ణి, దాని నలుపు-తెలుపు మోడ్ ఎరుపునూ పెన్సిల్‌నూ కలిపి ఒకే నల్ల ముద్ద చేసేది. 3 మీద 2 పడితే 8 లాగా కనపడేది.

ఒక అమ్మాయి షీట్‌లో 503 నుంచి 267 తీసివేత ఉంది. జవాబు దగ్గర ఎర్రగా 236, కింద ఏదో చిక్కు. ఎరుపు చానెల్ విడిగా తీసి చూడగానే 236 దాదాపు మాయమైపోయి, పెన్సిల్‌తో 364 తేలింది. చూస్తూ ఉండిపోయాను. 5లోంచి 2 తీస్తే 3, 6లోంచి 0 తీస్తే 6, 7లోంచి 3 తీస్తే 4. పైనుందా కిందుందా అని చూడకుండా ప్రతి స్థానంలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసింది. కింది లెక్క 420 నుంచి 158, అక్కడ 262 కింద 338 ఉంది, అదే పద్ధతి. బళ్లో "అజాగ్రత్త" అని రాసి పంపారు, కానీ ఆ పిల్ల చాలా జాగ్రత్తగా, ఒకే తప్పు పద్ధతిలో చేసింది. అప్పు తెచ్చుకోవడం అసలు తెలియదన్నమాట. పది రూపాయల నోటు విడిపించి చిల్లర చేసినట్టు చూపించి మొదటినుంచి చెప్పాను.

ఇందులో మంత్రమేం లేదు. ఎర్ర సిరా ఎర్ర వెలుతురును కాగితంలాగే తిప్పి పంపుతుంది కాబట్టి ఆ చానెల్‌లో కాగితంలో కలిసిపోతుంది, పెన్సిల్ గీత మూడు రంగుల వెలుతురునూ మింగుతుంది కాబట్టి ఎక్కడైనా నల్లగానే ఉంటుంది. పల్చటి సిరా అయితే దాని కిందున్న పెన్సిల్ కూడా కనపడుతుంది. ఎరుపు మాత్రమే చూడాలంటే ఆకుపచ్చ చానెల్ పక్కన పెట్టుకుని పోల్చుకుంటాను, రెండింట్లోనూ ఉన్నది పెన్సిల్, ఆకుపచ్చలో మాత్రమే నల్లగా ఉన్నది టీచర్ రాత.

ఇదంతా చెప్పి మొదట్లో అందరి దగ్గరా తెగ పొగిడాను, ఇప్పుడు కొంచెం తగ్గించుకుంటున్నాను. ఒకసారి ఒక పిల్లాడితో "రెండు లెక్కలు వదిలేశావేంరా" అన్నాను. సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసింది, "రాసిండు సార్, నేను కూర్చుని రాయించిన" అని. షీట్ తెప్పించి చూస్తే నిజమే, లెక్కలున్నాయి. రాత్రి ఫ్లాష్ వేసి తీసిన ఫోటో అది. పెన్సిల్ ముక్కు నల్లగా కనపడ్డా అది గ్రాఫైట్, ఫ్లాష్ సూటిగా పడితే తళతళలాడుతుంది, ఆ మెరుపులో గీత కాగితమంత తెల్లగా వచ్చేసింది. అలా పోయిన గీతను ఏ చానెల్ నుంచీ రప్పించలేం. పిల్లాడికి సారీ చెప్పాను. అప్పట్నుంచి జవాబు ఖాళీగా కనపడితే మామూలు రంగు ఫోటో మళ్లీ చూస్తాను, అందులో ఆ చోట తెల్లటి మెరుపు మచ్చ ఉంటే పగలు కిటికీ పక్కన పెట్టి ఇంకోసారి తీయమంటాను.

ఇంకో చిక్కు, ఫోటోగా పంపితే కుదించుకుపోయి వస్తుంది. జేపెగ్‌లో వెలుతురు కంటే రంగును ముతకగా దాచడం మామూలే, దాంతో ఎరుపు అంచుల చుట్టూ నీడలాంటి మరక మిగులుతుంది. Levels‌లో తెలుపు స్లైడర్ కొంచెం ఎడమకి లాగితే మరక పోతుంది, ఎక్కువ లాగితే సన్నగా రాసే పిల్లల గీత కూడా దానితోపాటే పోతుంది. డాక్యుమెంట్‌గా పంపమంటే కొందరే పంపుతారు. నీలి గీతల నోటుబుక్కయితే గీతలన్నీ ఎరుపు చానెల్‌లో ముదురుగా తేలతాయి, అది వేరే తలనొప్పి. పచ్చ పెన్నుతో దిద్దే టీచరైతే RGB Green తీసుకోవాలి.

నాకు వారానికి పాతిక షీట్లే, పాత ల్యాప్‌టాప్ ఒకటుంది, ఒక్కోదానికి రెండు నిమిషాలు పెట్టే ఓపిక ఉంది, కాబట్టి వదలను. ఇద్దరు పిల్లల కోసమైతే ఇంత అవసరం లేదేమో, షీటే ఇంటికి తెమ్మంటే సరిపోతుంది, కిటికీ దగ్గర వెలుతురుకి అటూ ఇటూ వంచి చూస్తే ఎరుపు కింద పెన్సిల్ మెరుస్తూ కనపడుతుంది.