వేరుశనగ విత్తడానికి ఎద్దుల గొర్రు మేలా, ట్రాక్టర్ డ్రిల్లు మేలా?

తొలకరి దగ్గరపడితే చాలు, మా వైపు వేరుశనగ వేసేవాళ్లందరిదీ ఇదే ప్రశ్న. ఊళ్లో ఎద్దులు తగ్గిపోయాయి, ట్రాక్టర్లు బాడుగకు దొరుకుతున్నాయి కాబట్టి జవాబు తేలిపోయినట్టే అనిపిస్తుంది. కానీ డ్రిల్లుతో వేయించి మొలక సరిగా రాక, మళ్లీ గొర్రు కోసం వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు.

ముందు ఏది ఏదో గుర్తుపట్టే సంగతి చెప్పేస్తాను, పట్నంలో పెరిగిన పిల్లలు దీన్ని కూడా అడుగుతున్నారు. నాగలికి ఒకటే కర్రు, దాని పని దున్నడం. గొర్రుకు మూడు నుంచి ఆరు పళ్లుంటాయి. ప్రతి పంటి వెనకా ఒక వెదురు గొట్టం, గొట్టాలన్నీ పైన జడ్డిగం అనే చెక్క గిన్నెలో కలుస్తాయి. గొట్టాలేమీ లేకుండా కింద అడ్డంగా పొడవాటి ఇనుప బద్ద ఉంటే అది గుంటక. కలుపు కోయడానికి, విత్తిన సాళ్లు కప్పడానికి వాడతారు. ట్రాక్టర్ వెనకా ఇంతే. ఉత్త పళ్లే ఉంటే కల్టివేటరు. పళ్ల మీద విత్తనాల పెట్టె, గొట్టాలు, నేల మీద దొర్లే ఒక చిన్న చక్రం ఉంటే సీడ్ డ్రిల్లు. ఆ చక్రం తిరిగితేనే పెట్టెలోంచి గింజ రాలుతుంది.

ఇక అసలు విషయానికి వస్తే, ఎకరాకు ఎంత సమయం, ఎంత బాడుగ అన్న లెక్కలు అందరూ వేస్తారు. నా దృష్టిలో వాటికంటే ముందు చూడాల్సింది లోతు. ఎర్రనేలలో వేరుశనగ గింజ 5 సెంటీమీటర్ల లోతులో పడాలి. అంటే రెండంగుళాలు. అంతకన్నా పైన పడితే, రెండు రోజులు ఎండ కాయగానే పైమట్టి ఆరి గింజ ఉబ్బి ఆగిపోతుంది. మిగిలింది కాకుల పాలు. మరీ లోతుగా పడితే మొలక పైకి రావడానికి పొడుగ్గా సాగాలి. అలా సాగిన లేతకాడకే మొదలుకుళ్లు తెగులు తొందరగా తగులుకుంటుంది. మొలక వచ్చిందని సంతోషించేలోపే అక్కడొకటి ఇక్కడొకటి వాలిపోతాయి. తెగులుకు మందు అడుగుతారు గానీ, గింజ ఎంత లోతులో పడిందో చూసేవాళ్లు తక్కువ.

చూడటం కష్టమేం కాదు. మొలిచిన వారానికి నాలుగైదు చోట్ల మొక్కను పెళ్లతో సహా తవ్వి తీయండి. గింజ దగ్గర నుంచి నేల మట్టం దాకా ఉన్న తెల్లటి కాడను కొలిస్తే, విత్తినప్పుడు గింజ ఎంత లోతులో పడిందో అదే చెబుతుంది. ఒక మొక్కకు 3 సెంటీమీటర్లు, పక్క సాలులో 9 వచ్చిందంటే తప్పు విత్తనానిది కాదు, పనిముట్టుది.

ఈ లెక్కన ఎద్దుల గొర్రుకు మంచి మార్కులే పడతాయి. అది తేలిక. పళ్లన్నీ ఒకే దూలానికి బిగించి ఉంటాయి, నేల కాస్త ఎత్తుపల్లాలుగా ఉన్నా దాన్నే అనుసరించి పోతుంది. కాడికీ గొర్రుకూ మధ్య దూరం పెంచి కడితే లోతు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ఆ పైన తోలేవాడి చెయ్యి. గట్టిగా ఉన్నచోట నొక్కుతాడు, మెత్తగా ఉన్నచోట వదులుతాడు. దీని బలహీనత లోతులో లేదు, జడ్డిగంలో ఉంది. విత్తనం పోసే మనిషి పిడికిలి ఎంత వదిలితే అంత. పొద్దున పలుచగా పడ్డ సాలు, మధ్యాహ్నం చెయ్యి అలిసేసరికి గుంపులుగా పడుతుంది. ఏదో ఒక గొట్టంలో మట్టి ఇరుక్కుంటే ఆ సాలంతా ఖాళీ. వేరుశనగ సాగులో పెద్ద ఖర్చు విత్తనానిదే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. పైగా రోజుకు మూడెకరాలు దాటదు. ఎర్రనేలలో పదును ఆరిపోయేలోపు పదెకరాలు కావాలంటే రెండు మూడు గొర్లు కట్టాలి, అన్ని ఎద్దులు ఇప్పుడెక్కడివి?

ట్రాక్టర్ డ్రిల్లు గంటకు ఎకరా అటూ ఇటూ పూర్తి చేస్తుంది, గింజకూ గింజకూ దూరం కూడా సమంగా వస్తుంది. దాని జబ్బు లోతే. ఆరు పళ్ల డ్రిల్లును 30 సెంటీమీటర్ల ఎడంతో బిగిస్తే, చివరి రెండు పళ్లు సరిగ్గా ట్రాక్టర్ వెనక టైర్ల జాడలో నడుస్తాయి. టైరు తొక్కిన మట్టి గట్టిపడి పన్ను దిగదు, గింజ పైపైనే పడుతుంది. ట్రాక్టర్ తిరిగి వచ్చినప్పుడు ఈ చివరి సాళ్లు పక్కపక్కన చేరతాయి. అందుకే కొన్ని చేలల్లో నాలుగు సాళ్లు నిండుగా, రెండు పలుచగా, మళ్లీ నాలుగు నిండుగా కనిపిస్తాయి. మా చేను పక్కనే ఇలా వచ్చింది, దూరం నుంచి చూస్తే చారల దుప్పటిలా ఉండేది. ఆ రెండు పళ్లను మిగతావాటికంటే అంగుళం కిందికి దించి బిగిస్తే సరిపోయేది. బాడుగకు వచ్చినవాళ్లు తమంతట తాము ఆ పని చేయరు, మనమే స్పానరు పట్టుకుని నిలబడాలి. వేగం కూడా తగ్గించమనాలి, లేకపోతే డ్రిల్లు ఎగిరెగిరి పడుతుంది.

డ్రిల్లుల్లోనూ రెండు రకాలు. గాడులున్న రోలరు తిరిగి గింజను నెట్టేవి జొన్నకూ కందికీ బాగానే ఉంటాయి గానీ వేరుశనగ పప్పును బద్దలు చేస్తాయి. పైపొర లేచినా ఆ గింజ నేలలో కుళ్లినట్టే. గుంటలున్న పళ్లెం ఏటవాలుగా తిరిగి ఒక్కో గింజనూ ఎత్తి పడేసే రకమే అడగండి.

చేలో దించేముందు ఒక పరీక్ష చేయాలి. ఎకరాకు 60 కిలోల పప్పు అనుకుందాం, చదరపు మీటరుకు దాదాపు 15 గ్రాములు. డ్రిల్లు వెడల్పు 1.8 మీటర్లు, చక్రం చుట్టుకొలత 1.25 మీటర్లు అయితే, డ్రిల్లును పైకెత్తి చక్రాన్ని చేత్తో 40 సార్లు తిప్పితే 50 మీటర్లు నడిచినట్టు. అంటే 90 చదరపు మీటర్లు. ఆరు గొట్టాల కిందా సంచులు కడితే మొత్తం 1.3 కిలోల పైచిలుకు రావాలి, గొట్టానికి 220 గ్రాములు. ఒక గొట్టంలో 150 గ్రాములే వచ్చిందంటే ఆ పళ్లెం చూడాలి. సంచిలో బద్దలెన్ని ఉన్నాయో కూడా అప్పుడే లెక్కతేలుతుంది. చేలో చక్రం జారి గింజ కాస్త తగ్గుతుంది కాబట్టి, మొదటి సాలులో పది మీటర్లు మట్టి తీసి చూడండి. వంద గింజలు 40 గ్రాములు తూగే రకమైతే అక్కడ 110 దాకా కనిపించాలి.

ఇంత చెప్పాక నా మొగ్గు తెలిసే ఉంటుంది. పళ్లెం డ్రిల్లు దొరికి, టైరు జాడ పళ్లు దించడానికి డ్రైవరు ఒప్పుకుంటే నేను ట్రాక్టరుతోనే వేయిస్తాను, ఈసారి మా చేను అలాగే వేయించాను. రెండు మూడెకరాలవాళ్లకు, అందులోనూ కయ్యలు చిన్నవై ట్రాక్టర్ తిరగడానికే స్థలం పోయేచోట, చెయ్యి తిరిగిన మనిషి జడ్డిగం దగ్గరుంటే గొర్రే నయం. మధ్యమధ్య కంది సాలు వేసేవాళ్లకు కూడా గొర్రుతో సులువు. డ్రిల్లు అయితే పెట్టెలో గొట్టానికో అర ఉన్నది చూసి, ఒక అరలో కందులు పోసి, దాని పళ్లెం మార్చాలి.

నాగలి వెంట సాలులో గింజలు వేస్తూ పోవడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. కర్రు లోతుగా దిగుతుంది, మట్టి తిరగబడి పదును ఆరిపోతుంది, నెమ్మది కూడా. చేత్తో తోసుకుపోయే ఒంటిచక్రం ప్లాంటరు పెరటికి చాలు.